ఒక్క పీక్ దగ్గర మార్కులు పోయాయి, ఒక్క పీక్ దగ్గరే తిరిగొచ్చాయి

నిన్న సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ఫోరెన్సిక్ బయాలజీ జాబితాలో నా నంబరు చూసుకున్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇది నా రెండో ప్రయత్నం. సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి డీఎన్‌ఏ వెలికితీత, పీసీఆర్, పితృత్వ లెక్కల జోలికి వెళ్లను. మొదటిసారి నన్ను ముంచిన ఎస్‌టీఆర్ ప్రశ్న గురించే చెబుతాను.

ఒక మరక నుంచి తీసిన ఎలక్ట్రోఫెరోగ్రామ్ ఇచ్చారు. అందులో మూడు లోకస్‌లు. D8S1179 దగ్గర 13 (1200 ఆర్‌ఎఫ్‌యూ), 14 (1100), వాటికి ఎడమగా 12 దగ్గర 95 ఎత్తున చిన్న పీక్. TH01 దగ్గర 6 (840), 9.3 (900). D18S51 దగ్గర 15 మాత్రమే, ఎత్తు 130. అనుమానితుడి ప్రొఫైల్ 13,14, 6,9.3, 15,15. మ్యాచ్ ప్రాబబిలిటీ కట్టమన్నారు.

ఆ 12 నన్ను మోసం చేయలేదు. 13 కంటే సరిగ్గా ఒక రిపీట్ తక్కువ, ఎత్తు దానిలో ఎనిమిది శాతం లోపే. పీసీఆర్‌లో పోగు జారడం వల్ల పుట్టే స్టటర్ అలాగే ఉంటుంది. దాన్ని కొట్టేశాను. 13, 14 ఎత్తులు దాదాపు సమానం కాబట్టి హెటిరోజైగస్. ఇచ్చిన ఫ్రీక్వెన్సీలు 0.30, 0.20; 2pq ప్రకారం 0.12. TH01కి 0.25, 0.20, అది 0.10. ఇక్కడిదాకా అంతా సరే.

D18S51 దగ్గర ఒక్కటే పీక్ కనబడగానే హోమోజైగస్ అని రాసేశాను. 15 ఫ్రీక్వెన్సీ 0.15, p² అంటే 0.0225. మూడూ గుణిస్తే 0.00027, సుమారు 3,700 మందిలో ఒకరు. అనుమానితుడు కూడా 15,15 కావడంతో రెండో ఆలోచనే రాలేదు.

పటం కింద చిన్న అక్షరాల్లో స్టొకాస్టిక్ థ్రెషోల్డ్ 200 అని ఉంది. నా పీక్ 130. ఆ గీత కంటే కింద ఉన్న ఒంటరి పీక్‌ను హోమోజైగస్ అని తేల్చకూడదు. డీఎన్‌ఏ బాగా తక్కువగా ఉన్నప్పుడు పీసీఆర్ మొదటి సైకిళ్లలో రెండు అల్లీల్స్‌లో ఒకటి యాదృచ్ఛికంగా అందకుండా పోవచ్చు. దాన్నే డ్రాపౌట్ అంటాం. ఆ పటంలో సంకేతం కూడా ఉంది: ముక్కల పొడవు పెరిగేకొద్దీ ఎత్తులు 1200, 900, 130 అని దిగిపోయాయి. నమూనా పాడైతే పొడవైన ముక్కలే ముందు తెగుతాయి. D18S51 అక్కడ అన్నిటికంటే పొడవైనది.

కాబట్టి మరక వదిలిన మనిషి 15,15 కావచ్చు, 15తో పాటు ఇంకేదైనా కావచ్చు. అక్కడ p² బదులు 2p వేయాలి, అంటే 0.30. లబ్ధం 0.0036, సుమారు 278 మందిలో ఒకరు. నా జవాబు అనుమానితుడి మీద సాక్ష్యాన్ని పదమూడు రెట్లు పెంచి చూపింది. నిజమైన కేసులో అయితే అది ఒక మనిషికి చేసిన అన్యాయం.

థ్రెషోల్డ్ అంత చిన్నగా ముద్రించడం సబబేనా అని అప్పట్లో చాలా మథనపడ్డాను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ల్యాబ్‌లో కూడా ఆ గీతను మనమే చూసుకోవాలి. ఆ రోజు నుంచి అల్లీల్ సంఖ్య రాసే ముందు ప్రతి పీక్ పక్కన దాని ఎత్తు రాయకుండా ఒక్క లెక్కా చేయలేదు. మీరూ అలాగే చేయండి, బద్ధకించకండి. వేళ్లు నొప్పెట్టినా సరే.

ఈసారి ప్రశ్న తిరగబడి వచ్చింది. FGA దగ్గర 22 ఒక్కటే, ఎత్తు 1450, థ్రెషోల్డ్ మళ్లీ 200. మిగతా లోకస్‌లన్నీ నిండుగా, సమతూకంగా ఉన్నాయి. అనుమానితుడు 22,24. గత ఏడాది దెబ్బ తిన్న చేయి 2p వైపే వెళ్లింది. పక్కన ఎత్తు రాసుకున్నాక ఆగింది. అంత ఎత్తైన పీక్‌కు జోడీ ఉండి ఉంటే, అది మొత్తంగా మాయమవదు. ప్రైమర్ అతికే చోట మార్పు వల్ల 24 కనబడలేదేమో అని కూడా చూశాను. అయితే అనుమానితుడి రక్తంలో అదే కిట్‌తో 24 చక్కగా వచ్చింది కదా, ఆ మార్పు అక్కడ కూడా అడ్డుపడి ఉండాల్సింది.

ప్రాబబిలిటీ కట్టమని అడిగిన ఆ ప్రశ్నకు నేను సంఖ్య రాయలేదు. ‘ఈ మరక ఇతనిది కాదు’ అని రాసి, కారణాలు కింద పెట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.