దినార్లను రూపాయల్లో లెక్కేసుకోవడం

కువైట్ కొట్లలో ధర చుక్క తర్వాత మూడంకెలు ఉంటాయి. దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి 0.950 అంటే 950 ఫిల్సులు, 0.095 అంటే 95. పైసలకు రెండంకెలే చూసిన మన చిత్తూరు పిల్లకాయలు కొత్తలో ఈ సున్నాల దగ్గరే తికమక పడతారు. అందుకే వాళ్లకు ముందు చుక్క తీసేసి, మొత్తం ఫిల్సుల్లో చదవమంటాను. 3.250 కనిపిస్తే 3250 అనుకోవాలి.

ఇక దినారు 250 రూపాయలే అనుకుంటే ఫిల్సుల్లో నాలుగో వంతే రూపాయలు. సగం చేసి, మళ్లీ సగం చేస్తే చాలు. అసలు రేటు అంతకంటే ఎక్కువ కాబట్టి వచ్చినదానికి పదో వంతు కలపాలి. అప్పుడు దినారుకు 275 రూపాయల లెక్క పడుతుంది. కూరగాయలకూ సబ్బులకూ ఇది చాలు.

చిక్కు ఎక్కడంటే, రెండు చోట్లా ధర దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు. సెలవుకు వచ్చే ముందు తిరుపతి నుంచి మా ఆవిడ ఫోన్ చేసి, "ఏమండీ, బాదం అక్కడి నుంచే తెస్తారా? ఇక్కడ కిలో 900 చెప్తున్నారు" అంది. ఇక్కడ అదే కిలో 3.250. సగం 1625, అందులో సగం 812, పదో వంతు 81, మొత్తం 893. ఏడు రూపాయలు మిగిలేట్టే ఉంది! కానీ ఆ నెల నేను డబ్బు పంపినప్పుడు దినారుకు 288 పడింది. ఆ రేటుకు బాదం 936. మోసుకెళ్లడం దండగ, అక్కడే కొనమన్నాను.

దీనికీ ఒక దారుంది. రేటు 288 దగ్గర ఉన్నప్పుడు పదో వంతుతో పాటు అందులో సగం కూడా కలపాలి. 812కి 81, దానిలో సగం 40, మొత్తం 933. అసలుకు మూడు రూపాయలే తేడా. రేటు మారితే ఈ చివరి మెట్టు మార్చుకుంటే సరి, సగాలు చేసేది మారదు.

మరి ఏ రేటు చూడాలి? ఫోన్‌లో కనిపించేది కాదు. డబ్బు పంపినప్పుడు ఇంట్లో చేతికందిన రూపాయలను, ఫీజుతో కలిపి మనం కట్టిన దినార్లతో భాగించాలి. మన చెమటకు దక్కే రేటు అదే, కొంచెం తక్కువే వస్తుంది.

పెద్ద వస్తువుకు మాత్రం ఈ నోటి లెక్క వద్దు. 120 దినార్ల ఫోన్ పదో వంతు లెక్కన 33,000 అనిపిస్తుంది, 288 రేటుకు 34,560. పదిహేను వందల పైచిలుకు తేడా వచ్చే చోట క్యాలిక్యులేటర్ తీయాల్సిందే.