తాళాల డబ్బా, ఇప్పటిదాకా: ఫ్లిప్ కేసు లోపల ఏ చిప్పుందో తేల్చడం

డబ్బాలో పోగైనవి చాలామటుకు రావులపాలెం, భీమవరం వైపు మెకానిక్ షెడ్లలో పక్కన పడేసిన కారు తాళాలు. కేసు విరిగినవి, రొయ్యల చెరువులో పడి తేలినవి, ఏ బండివో షెడ్డు వాళ్లకే గుర్తులేనివి. వీటిని కేసు మీదున్న కంపెనీ బొమ్మను బట్టి గుట్టలు పెట్టడం ఇక్కడితో ఆపేశాం. ఆ బొమ్మ ఒక చిన్న స్టిక్కరు. బ్లేడు మడిచిపెట్టే ఫ్లిప్ కేసు కొన్నప్పుడు ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ అతికించి ఇస్తారు. ఇప్పుడు ప్రతి తాళానికీ ఒక అట్టముక్క కట్టి, దాని మీద మూడు గీతలు గీసి, మూడు గళ్లు విడివిడిగా నింపుతున్నాం: కోత, చిప్పు, రేడియో.

మూడూ ఎందుకు విడిగా అంటే, తాళం లోపల అవి నిజంగానే ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులు చేస్తాయి. బ్లేడు తిప్పుతుంది, అంతే. ఇంజను స్టార్టవడానికి ఒప్పుకునేది చిప్పు. దానికి బ్యాటరీ అక్కర్లేదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి కరెంటు తీసుకుని 125 కిలోహెర్ట్జ్ దగ్గర, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పులైతే 134.2 దగ్గర, జవాబు చెబుతుంది. తలుపులు తెరిచేది రేడియో. అది బ్యాటరీ మీద, మన దేశంలో సాధారణంగా 433.92 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. అందుకే "తలుపు తెరుచుకుంటోంది కానీ స్టార్టవట్లేదు" అన్నా, "స్టార్టవుతోంది కానీ తలుపు తెరుచుకోవట్లేదు" అన్నా, తాళం విప్పకముందే సగం సంగతి తెలిసిపోయినట్టే.

బ్లేడు గడి నింపడం తేలిక. అంచుల మీద పళ్లు కనబడితే మామూలు కోత. అంచు నున్నగా ఉండి పలక మీద పాములా తిరిగిన కాలువ ఉంటే లేజరు కోత. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా తాళాల్లో దొరికే HU66 అనే రకం బ్లేడులో ఆ కాలువ పలక నడిమధ్యన ఉంటుంది. ఫోర్డ్ వాడిన HU101 కూడా లేజరు కోతే. హోండాది HON66. బ్లేడు సన్నబడిందా లేదా కూడా ఇక్కడే రాసుకోవాలి. అరిగిన తాళాన్ని చూసి నకలు కోస్తే ఆ అరుగుదల కూడా నకలులోకి వస్తుంది. అలాంటప్పుడు కోడు నంబరును బట్టి కోయించుకోవడమే మేలు.

అయితే బ్లేడు పేరు చెప్పేది అక్కడితో సరి. HU101 ఫోర్డులోనే కాదు, ల్యాండ్ రోవర్లోనూ వోల్వోలోనూ ఉంది. బ్లేడు ఒకటే అయినంత మాత్రాన చిప్పు ఒకటే కాదు. దీనికి కాస్త మినహాయింపు టయోటా తాళాలు. అసలు బ్లేడైతే తల దగ్గర లోహం మీద చిన్న గుర్తు కొట్టి ఉంటుంది. చుక్క ఉంటే 4D67, G ఉంటే 4D72, H ఉంటే 128 బిట్ల చిప్పు. ఇదే G అక్షరం హోండా బ్లేడు మీద ఉంటే అది ID47 చిప్పు. కాబట్టి గుర్తు ఒక్కటే రాసుకుని కంపెనీ వదిలేస్తే అట్టముక్క దండగ. పైగా పాత తాళాన్ని ఫ్లిప్ కేసులోకి మార్చినప్పుడు కొత్త బ్లేడు వేస్తారు, గుర్తు పాత బ్లేడుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది.

ఈ దఫా ఎక్కువ తిప్పలు పెట్టిందీ అలాంటి ఫ్లిప్ తాళమే. దాని సంగతి వివరంగా.

పైకి చూస్తే హోండా బొమ్మ, మూడు మీటలు, మడత బ్లేడు. కేసు అంచులు గరుకుగా ఉన్నాయి, రెండు సగాలు కలిసే గీత ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు. కంపెనీ కేసుకి ఇలా ఉండదు. అంటే కేసు బయటి సరుకు, దాన్ని బట్టి ఏమీ రాయకూడదు. బ్లేడు HON66, కోత బాగానే ఉంది. షెడ్డులో చెప్పిన లక్షణం: ఇంజను ఎప్పుడూ స్టార్టవుతుంది, తలుపు మాత్రం ఒక్కోసారి తెరుచుకుంటుంది, ఒక్కోసారి తెరుచుకోదు. ఇది ఉండగానే రెండో తాళం కోసం ఎవరో కొత్త బోర్డు తెచ్చి వేస్తే అది బండికి పట్టలేదు. ఇంజను తిరుగుతుంది కానీ అందుకోదు, మీటరులో ఆకుపచ్చ తాళం గుర్తు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆ బోర్డు ఇచ్చిన కొట్లో మాట, "హోండా అంటే 46 చిప్పే అండీ".

ముందు మీటలు. కేసు మీద మూడున్నాయి కానీ రబ్బరు పొర తీసి చూస్తే బోర్డు మీద స్విచ్చులు రెండే. మూడో దాని చోట సోల్డరు మచ్చలు ఖాళీగా ఉన్నాయి. కేసు కొనేటప్పుడు మూడు మీటలది చూడముచ్చటగా ఉందని తీసుకుంటారు, కింద నొక్కడానికి ఏమీ ఉండదు. అందుకే మీటల లెక్క పైన కాదు, బోర్డు మీద చూడాలి. ఎర్ర బొమ్మతో హారను మీట ఉన్న బోర్డైతే అమెరికా సరుకు కావచ్చు. దానికి రేడియో 315 మెగాహెర్ట్జ్ ఉండే అవకాశం ఎక్కువ, ఇక్కడి బండి దాన్ని వినదు.

తరవాత బ్యాటరీ. కేసు లోపల అచ్చులో CR1620 అని ఉంది, పెట్టింది CR1616. మొదటి రెండంకెలు మిల్లీమీటర్లలో అడ్డకొలత, చివరి రెండు మందం: 20 అంటే 2.0, 16 అంటే 1.6. ఆ 0.4 మిల్లీమీటర్ల తేడాకి బ్యాటరీ రేకుల మధ్య వదులుగా ఆడుతోంది. తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే టిక్కుమని వినిపించింది. ఒక్కోసారి తలుపు తెరుచుకోకపోవడానికి కారణం అదే. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 3 వోల్టుల పైనే చూపించింది, అందుకే ఎవరూ దాన్ని అనుమానించలేదు. సరైన మందం పెట్టాక రేడియో పని అయిపోయింది.

రేకుల మీద ఆకుపచ్చ బూజులాంటి తుప్పు కొంచెం ఉంది. మన దగ్గర ఇది మామూలే. ఉప్పు చెరువుల గట్ల మీద తిరిగే బండ్ల తాళాలు తడి జేబుల్లోనే ఉంటాయి. ఉప్పునీళ్లలో పడిన తాళానికి ముందు బ్యాటరీ పీకాలి, ఎందుకంటే కరెంటు ఉన్నంతసేపూ ఉప్పు రాగిని తింటూనే ఉంటుంది. బ్యాటరీ తీశాక మంచినీళ్లతో ఉప్పు కడగాలి, ఆ తరవాతే ఐసోప్రొపైల్ ఆల్కహాలు. నేరుగా ఆల్కహాలు పోస్తే ఉప్పు కరగదు, అక్కడే పేరుకుంటుంది. బియ్యంలో పెట్టడం దేనికీ పనికిరాదు.

ఇక అసలు ప్రశ్న, చిప్పు. కేసులో విడిగా చిప్పు కోసం వెతికాం. విడి చిప్పులు సాధారణంగా రెండు ఆకారాల్లో ఉంటాయి. ఒకటి నల్లటి చిన్న బిళ్ల, సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 మందం. రెండోది సన్నని గాజు గొట్టం. ఆకారం చూసి చిప్పు పేరు చెప్పేస్తే దెబ్బతింటాం. ఆ నల్లబిళ్లలో ఫిలిప్స్ ID46 ఉండొచ్చు, టెక్సాస్ 4D ఉండొచ్చు. గాజు గొట్టంలో పాత ID13 ఉండొచ్చు, ID48 ఉండొచ్చు. బయటికి తేడా తెలియదు, చిప్పును చదివే రీడరు మీద పెట్టాల్సిందే.

ఈ తాళంలో ఏ బిళ్లా లేదు, గొట్టమూ లేదు. కొత్తవాళ్లు ఇక్కడే "చిప్పు పాత కేసులో ఉండిపోయింది" అంటారు. అలా జరగడం మామూలే. కేసు మార్చినవాళ్లు బోర్డు తీసి, బిళ్లను పాత కేసుతో పారేస్తారు, తరవాత తలుపు తెరుచుకుంటుంది, బండి స్టార్టవదు. కానీ ఈ తాళంతో బండి స్టార్టవుతోంది. అంటే చిప్పు బోర్డు మీదే ఉండాలి. బోర్డు అంచున నల్లటి చిన్న పెట్టెలా ఉన్న తీగచుట్ట కనిపించింది. దాన్నుంచి వెళ్లే రాగి గీతలు నడుమనున్న ఐసీ దగ్గరికి చేరాయి. ఇలాంటి బోర్డుల్లో రేడియో, చిప్పు రెండూ ఆ ఒక్క ఐసీలోనే ఉంటాయి.

ఐసీ మీది అక్షరాలు నేరుగా చూస్తే కనబడవు. ఆల్కహాలు అద్దిన దూదితో తుడిచి, ఫోను టార్చిని పక్కనుంచి బాగా వాల్చి పట్టుకుని, పదింతలు పెద్దగా చూపించే భూతద్దంలోంచి చూడాలి. వెలుగు పైనుంచి పడితే అచ్చు మాయమవుతుంది, పక్కనుంచి పడితేనే లేస్తుంది. కనబడింది PCF7961X. ఆఖరి అక్షరమే ఇక్కడ కీలకం. PCF7961A అయితే హిటాగ్ 2 రకం చిప్పు, అంటే రీడరు మీద ID46. X ఉంటే హిటాగ్ 3, అంటే ID47. బోర్డు రీడరు చుట్ట మీద పెట్టి చూస్తే తెర మీద ID47 అనే వచ్చింది. రీడరు మీద పెట్టేటప్పుడు తాళాల రింగు తీసేయాలి, బోర్డు తీగచుట్ట ఉన్న వైపును రీడరు చుట్టకి దగ్గరగా ఉంచాలి. లోహం అడ్డొస్తే చిప్పు ఉన్నా "లేదు" అంటుంది.

కొత్తగా తెచ్చిన బోర్డు విప్పితే దాని మీద PCF7961A. బోర్డు ఆకారం అదే, మీటల చోట్లు అవే, కేసులో అచ్చంగా ఒదిగింది. కానీ బండి అడిగే ప్రశ్న హిటాగ్ 3ది, దానికి హిటాగ్ 2 దగ్గర జవాబు లేదు. బోర్డు పాడైందని మూడోది కొన్నా, మళ్లీ A వచ్చినంతకాలం ఇదే జరుగుతుంది. ID46ని బండి దగ్గర పట్టిన సమాచారంతో నకలు చేసే పనిముట్లు బజార్లో ఉన్నాయి. ID47 అయితే సరైన బోర్డు తెచ్చి బండికుండే ఓబీడీ సాకెట్టు ద్వారా నమోదు చేయించాలి. అలా చేసేవాళ్లు ఆర్‌సీ అడుగుతారు, అడగాలి కూడా.

రేడియో గడి నింపడానికి స్ఫటికం మీది అంకె చాలు. ఈ బోర్డు మీద వెండిరంగు చిన్న డబ్బీ, దాని మీద 13.560. ఈ ఐసీ దాన్ని 32 రెట్లు చేసి పంపుతుంది:

```
13.56 × 32 = 433.92
9.84375 × 32 = 315
```

అందువల్ల 9.84 అని కనబడితే అది 315 బోర్డు, ఇక్కడి బండికి వద్దు. కొన్ని పాత బోర్డుల్లో స్ఫటికానికి బదులు R433A లేదా R315A అని రాసిన గుండ్రటి రెసొనేటరు ఉంటుంది, అక్కడ లెక్క కూడా అక్కర్లేదు. కేసు వెనకున్న ఈటీఏ నంబరు రేడియో అనుమతిది, చిప్పు గురించి ఏమీ చెప్పదు.

ఈ తాళం అట్టముక్క మీద చివరికి రాసింది: HON66, అరుగుదల లేదు; PCF7961X, ID47, బోర్డు మీదే; 433.92, స్విచ్చులు రెండు, బ్యాటరీ CR1620. మూడు గళ్ల పక్కన కంపెనీ పేరు మాత్రం పెన్సిలుతోనే రాసి ఉంచాం. కేసు బొమ్మ, బ్లేడు, చిప్పు మూడూ హోండా వైపే చూపిస్తున్నా, బండి నంబరుతో సరిపోల్చాకే పెన్నుతో దిద్దుతాం.

డబ్బాలో ఇంకా మిగిలినవి ఎక్కువగా స్మార్ట్ తాళాలు. వాటి లోపల దాచిన సన్నని అత్యవసర బ్లేడు చాలామటుకు పోయింది, కాబట్టి కోత గడి ఖాళీగానే మొదలవుతుంది.