పాత ల్యాప్‌టాప్‌లు రీసైక్లర్‌కి ఇచ్చే ముందు మా ఆఫీసులో చేసిన పని

హైదరాబాద్‌లో మాది ఆడిట్, జీఎస్టీ పనులు చూసే చిన్న ఆఫీసు. స్టోర్‌రూమ్‌లో నలభై దాకా పాత ల్యాప్‌టాప్‌లు, కొన్ని చిన్న ప్రింటర్లు, ఒక పెద్ద జెరాక్స్ మిషన్ పేరుకుపోయాయి. క్లయింట్ల పాన్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ వాటిలోంచి నడిచినవే. వాటిని పంపించే బాధ్యత నాకు అప్పగించారు.

ముందుగా ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్ ఒక గడిలో, లోపలి డిస్క్ సీరియల్ నంబర్ ఇంకో గడిలో. ఈ రెండోది చాలామంది రాయరు. మధ్యలో రిపేర్లకు వెళ్లి డిస్క్ మారినవి మా దగ్గరే కొన్ని తేలాయి. తుడిచేది డిస్క్‌ని కాబట్టి లెక్క దాని పేరు మీదే ఉండాలి.

"అన్నీ ఫార్మాట్ చేసేశాం కదా" అన్నారు మా వాళ్లు. అలా ఫార్మాట్ చేసిన ఒక ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ మీద ఫోటోరెక్ అనే ఉచిత టూల్ నడిపాను. ఒక క్లయింట్ రిటర్న్ పీడీఎఫ్ చక్కగా బయటికొచ్చింది. క్విక్ ఫార్మాట్‌తో ఫైళ్ల పట్టిక మాత్రమే పోతుంది, ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఆ తర్వాత ఎవరూ వాదించలేదు.

లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్‌కైతే, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి సున్నాలు రాస్తే చాలు. ఏడుసార్లు రాయాలనేది పాత మాట. తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ విషయం వేరు. అందులో మనకు కనిపించని అదనపు మెమరీ ఉంటుంది, డిస్క్‌ని లోపలి నుంచి నడిపే కంట్రోలర్ డేటాని అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది. పైనుంచి ఎంత రాసినా కొన్ని మూలలకు చేరదు. అందుకే చెరిపే పని ఆ డిస్క్‌కే చెప్పాలి. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేసి, డిస్క్ పేరు సరిచూసుకుని ఇవి కొట్టాను. మొదటిది ఎన్‌వీఎంఈ డిస్క్‌కి, మిగతావి సాటా ఎస్‌ఎస్‌డీకి:

```
nvme format /dev/nvme0n1 --ses=1

hdparm -I /dev/sda
hdparm --user-master u --security-set-pass p /dev/sda
hdparm --user-master u --security-erase p /dev/sda
```

సాటావి కొన్ని మొండికేశాయి. మొదటి hdparm ఇచ్చే సమాచారంలో not frozen అని ఉండాలి, ఉత్త frozen అని ఉంటే డిస్క్ చెరపనివ్వదు. ల్యాప్‌టాప్‌ని నిద్రపుచ్చి మళ్లీ లేపితే చాలావాటికి ఆ తాళం వదిలింది. ఇంకో జాగ్రత్త: చెరుపుతుండగా కరెంటు పోతే డిస్క్ ఆ పాస్‌వర్డ్‌తో లాక్ అయి ఉండిపోవచ్చు. అందుకే అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి, షీట్‌లో రాసుకున్నాను.

అసలు ఆన్ కాని ల్యాప్‌టాప్‌ల నుంచి డిస్క్‌లు ఊడదీసి, వేరే మిషన్‌కి తగిలించి చూశాం. అప్పటికీ పలకని వాటిని పగలగొట్టించడమే. ఎస్‌ఎస్‌డీకి నడిమధ్యలో ఒక రంధ్రం పెడితే సరిపోదు, అందులోని ప్రతి మెమరీ చిప్పూ పగలాలి. బ్యాటరీ ఉబ్బినవాటిని ఆన్ చేయకుండా పక్కన పెట్టి, రీసైక్లర్‌కి ముందే చెప్పాం.

ప్రింటర్ల సంగతి అడిగితే, పాత సామాను చూడటానికి వచ్చిన కుర్రాడు "అన్నా, ప్రింటర్‌లో డేటా ఏముంటది?" అని నవ్వాడు. చిన్నవాటిలో పెద్దగా ఉండదు, వైఫై పాస్‌వర్డ్ లాంటివి ఫ్యాక్టరీ రీసెట్‌తో పోతాయి. జెరాక్స్ మిషన్‌లో మాత్రం హార్డ్ డిస్క్ ఉంది. స్కాన్ చేసిన కాగితాల బొమ్మలు, మెయిల్ అడ్రస్‌లు, స్కాన్‌లు పంపే మా సర్వర్ ఫోల్డర్ పాస్‌వర్డ్ అందులోనే. అడ్మిన్ మెనూలో డిస్క్ ఓవర్‌రైట్ నడిపి, సర్వర్‌లో ఆ పాస్‌వర్డ్ కూడా మార్చేశాం. అద్దెకు తెచ్చిన మిషన్లు వాడే ఆఫీసులు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. వాటిని వెనక్కి తీసుకెళ్లేది కంపెనీ వాళ్లు, డిస్క్ కూడా వాళ్లతోనే పోతుంది.

ఇక ఎవరికి ఇవ్వాలి? మొదట వచ్చినాయన మంచి రేటు చెప్పి, పాత మిషన్లను విడదీసే డిస్మాంట్లర్‌గా తన పేరున్న పాత సర్టిఫికెట్ చూపించాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో డిస్మాంట్లర్ అనే విడి రిజిస్ట్రేషన్ లేదు. రీసైక్లర్‌గానో, పాతవి బాగుచేసే రిఫర్బిషర్‌గానో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆయన పేరు అక్కడ కనిపించలేదు. తర్వాత దొరికిన వాళ్ల పేరు, యూనిట్ చిరునామా, గడువు తేదీ పోర్టల్‌లో చూసుకున్నాకే రమ్మన్నాం.

వాళ్లు పంపిన సర్టిఫికెట్ ముసాయిదాలో "ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు, ఇన్ని కిలోలు" అని మాత్రమే ఉంది. దాంతో మా ఆడిటర్ ఒప్పుకోడు. సీరియల్ నంబర్ల జాబితా జత చేసి, దాని మీద కూడా ముద్ర వేయమన్నాం. డేటా తుడిచినట్టు మేం రాసుకున్న రికార్డు వేరు, వాళ్లిచ్చే రీసైక్లింగ్ సర్టిఫికెట్ వేరు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకూడదు. రెండిటిలోనూ నంబర్లు కలిశాకే ఆస్తుల రిజిస్టర్ నుంచి వాటిని కొట్టేశాం.