మొదటి వాయి పోయింది

బజ్జీలు వేద్దామని తొడిమ పట్టుకుని మిరపకాయను పిండిలో ముంచి లేపాను. పిండంతా జారి గిన్నెలో పడింది, కాయ పచ్చగా బయటపడింది.

పలచనయిందేమో అనుకుని ఇంకో గుప్పెడు శనగపిండి కలిపాను. ఈసారి పట్టింది. వాయి తీసి ఒకటి తుంచితే పైన ఎర్రగా ఉంది, లోపల కాయ చుట్టూ పచ్చిపిండి! బయట వాన, నలుగురూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు, నాకేమో టెన్షన్.

అమ్మ వచ్చి పిండి కాకుండా కాయను తడిమి చూసింది. "తడి ఉందే, తుడవలేదా?" అంది.

అసలు సంగతి అదీ. తడి కాయకు పిండి నిలవదు. నేనేమో పిండి గట్టిచేసి, మందపు పొర లోపల ఉడక్కుండా చేసుకున్నాను.

కాయలన్నీ గుడ్డతో తుడిచాను. గరిటె వెనక అంటుకున్న పిండిమీద వేలితో గీస్తే గీత నిలిచేలా, చెంచా చెంచాగా నీళ్లు పోసి మళ్లీ కలిపాను. కరకరకి రెండు చెంచాల బియ్యప్పిండి వేశాను. పిండి చుక్క వేయగానే మాడిపోకుండా మెల్లగా తేలేదాకా మంట తగ్గించాను.

రెండో వాయిని నూనెలో బుడగలు బాగా తగ్గాకే తీశాను. తుంచితే లోపల గుల్లగా ఉంది. మొదటిది అమ్మకే ఇచ్చాను.