పోలియో కాలు, విరిగిన చెయ్యి: కాదన్న క్లెయిమ్ ఎలా వచ్చిందంటే

మా తమ్ముడి ఆరోగ్య బీమా క్లెయిమ్ డబ్బు మొన్న ఖాతాలో పడింది. కోపం ఇంకా తగ్గలేదు గానీ, కాగితాలన్నీ కళ్లముందు ఉండగానే రాసేస్తే ఇంకొకరికి పనికొస్తుంది.

తమ్ముడికి కుడికాలు పోలియో. యూడీఐడీ కార్డులో 60 శాతం వైకల్యం. పాలసీ తీసుకున్నప్పుడే ప్రపోజల్ ఫారంలో ఆ మాట రాసి, కార్డు కాపీ జతచేశాం. ఏజెంటు "అదెందుకండీ, అడిగితే చూద్దాం" అన్నాడు. అలాంటి ఏజెంటు మాట అస్సలు వినకండి. మేం దాచి ఉంటే ఈ క్లెయిమ్ అక్కడితో పోయేది.

రెండో ఏడాదిలో ఇక్కడ బెంగళూరు మారతహళ్లి ఇంట్లో, తడి బాత్రూంలో జారి ఎడమ మణికట్టు విరిగింది. ప్లేటు వేశారు. బిల్లు 1,84,000. క్యాష్‌లెస్ కాదన్నారు. క్యాష్‌లెస్ కాదంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. బిల్లు కట్టి, ఒరిజినల్స్ తీసుకుని, రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకోవచ్చు. పెట్టాం.

అప్పుడొచ్చింది ఆ ఉత్తరం. "రోగికి పోలియో వల్ల నడకలో నిలకడ లేదు, పడటం దాని పర్యవసానమే, కాబట్టి Excl01 కింద చెల్లించం." పోలియో ఉన్నవాడు ఎక్కడ పడినా తప్పు వాడి కాలిదేనట! ఫోన్లో మాట్లాడినావిడ కూడా "వాళ్లు పడుతుంటారు కదా సార్" అంది. తమ్ముడు పక్కనే వింటున్నాడు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. పాలసీలో మూడు వెయిటింగ్ పీరియడ్లు, అంటే కొన్నిటికి డబ్బివ్వని తొలి గడువులు, ఉంటాయి. మొదటి 30 రోజులది Excl03, కొన్ని నిర్దిష్ట జబ్బులకి Excl02. ప్రమాదం వల్ల వచ్చిన క్లెయిమ్‌కి ఈ రెండూ వర్తించవని అందులోనే రాసి ఉంటుంది. ముందునుంచీ ఉన్న జబ్బుకి Excl01. 2024 నుంచి దీని గడువు 36 నెలలు మించకూడదు. దీంట్లో మాత్రం ప్రమాదం గురించి ఆ వాక్యం లేదు. కంపెనీ దీన్నే పట్టుకోవడానికి కారణం అదే. అందుకని "ఇది ప్రమాదం" అని ఎన్నిసార్లు రాసినా చాలదు. Excl01 కాదనేది ఆ జబ్బు చికిత్సనీ, దాని "ప్రత్యక్ష" దుష్ఫలితాల చికిత్సనీ మాత్రమే. మన వాదనంతా ఆ ఒక్క మాట మీద నిలబడాలి: పోలియో కాలిది, విరిగింది చెయ్యి, జారడానికి కారణం తడి నేల. మినహాయింపు వర్తిస్తుందని చూపించాల్సిన బాధ్యత కంపెనీదే, మనది కాదు.

దానికి రుజువు ఆస్పత్రి కాగితాల్లోనే ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీలో మొదటి వరుసలోనే "పీపీఆర్‌పీ ఉన్న రోగి, కిందపడ్డారు" అని ఉంది. పీపీఆర్‌పీ అంటే పోలియో తర్వాత మిగిలిన పక్షవాతం. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉండటంతో ఒకదానికొకటి కారణమని వాళ్లు చదువుకున్నారు. మేం ఇన్‌డోర్ కేస్ పేపర్లు అడిగి తీసుకున్నాం. క్యాజువాలిటీలో మొదట రాసుకున్న నోట్‌లో "తడి నేల మీద జారి, చెయ్యి ఆనించి పడ్డారు" అని ఉంది. క్లెయిమ్ గొడవ మొదలవకముందే రాసినది కాబట్టి దానికి విలువెక్కువ. సర్జన్ కూడా ఎడమ చేతిలో పోలియో లక్షణాలు లేవని లెటర్ ఇచ్చారు. విరిగింది పోలియో కాలే అయితే కష్టం పెరుగుతుంది: వాడని కాలి ఎముక పలచబడి ఉంటుంది, ఎక్స్‌రే రిపోర్టులో ఆ మాట ఉంటే కంపెనీ దాన్నే చూపిస్తుంది. అప్పుడు ఆ దెబ్బకి ఎముక ఎందుకు విరిగిందో సర్జన్ విడిగా రాయాలి.

ముందుగా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ చేశాం. క్లెయిమ్ కాదనడానికి ముందు రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది. ఆ ఆమోదం చూపించమని అడిగాం. పాత ఉత్తరాన్నే మళ్లీ పంపారు. తర్వాత జేపీ నగర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాశాం. కంపెనీ కాదన్నాక, లేదా నెల రోజులు జవాబివ్వకపోతే, ఏడాదిలోపు ఇక్కడికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్లని రానివ్వరు, 50 లక్షల దాకా తేల్చగలరు. అదే విషయం వినియోగదారుల కోర్టులో ఉంటే మాత్రం తీసుకోరు.

విచారణకి ముందు కంపెనీవాళ్లు సగానికి రాజీ అన్నారు. ఒప్పుకోలేదు. విచారణలో వాళ్లని అడిగింది ఒక్కటే: ఈ చెయ్యి విరగడానికీ పోలియోకీ ప్రత్యక్ష సంబంధం ఉందని ఏ డాక్టరు రాశారు? ఎవరూ రాయలేదు. తీర్పు మాకే వచ్చింది. చేతిపట్టీ, గ్లవ్స్ లాంటి చెల్లించని వస్తువులు పోను 1,75,600 ఇచ్చారు. అంబుడ్స్‌మన్ తీర్పుని కంపెనీ 30 రోజుల్లో అమలు చెయ్యాలి, ఆలస్యమైతే రోజుకి 5,000 మనకి కట్టాలి. మా డబ్బు గడువులోపే వచ్చింది.