కపిత్థం వెలగపండే, కానీ రాముడి చేతిలో కాదు

ఎడింబరోలో మా కూచిపూడి బృందం ఏడుగురం. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ శనివారాలు నేర్చుకుంటున్నవాళ్ళమే. వచ్చే నెల ఒక చర్చి హాల్లో దశావతార శబ్దం, ఒక తరంగం అనే రెండు కూచిపూడి అంశాలు చేస్తున్నాం. వచ్చేవాళ్ళలో సగానికి పైగా తెలుగు రానివాళ్ళే కాబట్టి ఇంగ్లీషులో కరపత్రం ఒకటి కావాలన్నారు మా టీచర్ గారు. ఏఫోర్ కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. అందులో ఒక పేజీ హస్తాలకు, అంటే నాట్యంలో చేతులతో పట్టే ముద్రలకు. చదవగలిగే సైజు అక్షరాల్లో అయితే 180 మాటలకు మించి పట్టవు. ఆ పేజీ నేను తీసుకున్నాను.

మొదటి వారం

నా దగ్గరున్న ఆధారం టీచర్ గారి నోటుబుక్కు. ఎడమవైపు హస్తం పేరు, కుడివైపు తెలుగు అర్థం. అభినయదర్పణం అనే పాత సంస్కృత నాట్యగ్రంథం లెక్కన ఒక చేత్తో పట్టే అసంయుత హస్తాలు 28, రెండు చేతులూ కలిపి పట్టే సంయుత హస్తాలు 23. పతాకం ఎదురుగా జెండా, అర్ధచంద్రం ఎదురుగా సగం చంద్రుడు, మయూరం ఎదురుగా నెమలి. ఒక్క సాయంత్రంలో మొత్తం ఇంగ్లీషులోకి మార్చేసి పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు చదువుకుంటే మృగశీర్షం దగ్గర ఆగిపోయాను. "బీస్ట్ హెడ్" అని రాసి ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే అర్థమైంది. ఇప్పటి తెలుగులో మృగం అంటే క్రూరజంతువు. మనిషిని తిట్టడానికి కూడా వాడతాం. ఈ పేరు పెట్టిన సంస్కృతంలో మృగం అంటే లేడి కూడా. చెయ్యి చూసినా తెలుస్తుంది. పాము పడగలా వంచిన చేతిలో బొటనవేలు, చిటికెనవేలు మాత్రం చాపితే అవి లేడి కొమ్ముల్లా నిలబడతాయి. అది "డీర్ హెడ్". పైగా దశావతారాల్లో ఇదే హస్తాన్ని రెండు చేతులతో ఎదురెదురుగా, మొహం దగ్గర పట్టుకుంటే కృష్ణుడు. కృష్ణుడు వచ్చే చోట కరపత్రంలో బీస్ట్ అని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే టెన్షన్ వచ్చింది.

అప్పుడు జాబితా అంతా మళ్ళీ మొదటి నుంచి చూశాను, ఈసారి ఒకే ఒక్క ప్రశ్నతో: ఈ మాట తెలుగులో బతికే ఉందా, ఉంటే అర్థం మారిందా? అసలు తెలియని మాటలు నన్ను మోసం చెయ్యలేదు. శుకతుండం తెలియకపోతే నిఘంటువు తీస్తాం, చిలక ముక్కు అని దొరుకుతుంది. రోజూ వాడే మాటల దగ్గరే పొరపాటు పడ్డాను, ఎందుకంటే వాటికి నిఘంటువు తియ్యలేదు.

కీలకం అలాంటిదే. "కీలక నిర్ణయం" అని పేపర్లో రోజూ చదువుతాం కాబట్టి "కీ" అని రాసేశాను. కీలం అంటే మేకు, చీల. రెండు మృగశీర్ష హస్తాల చిటికెనవేళ్ళను వంచి ఒకదానికొకటి తగిలిస్తే కీలకం. స్నేహానికి, సరసపు మాటలకు వాడతారు. దీని పక్కనే పాశం ఉంది. పాశం అనగానే పేగుపాశం గుర్తొచ్చి "బాండ్ ఆఫ్ అఫెక్షన్" అని రాశాను. కానీ ఇది చూపుడువేళ్ళను కొక్కేల్లా వంచి తగిలించే హస్తం. దీన్ని వాడేది తాడుకు, గొలుసుకు, ఇద్దరి మధ్య పోట్లాటకు. అంటే పోట్లాట హస్తానికి నేను ప్రేమ అని పేరు పెట్టాను. చూపుడువేళ్ళు కలిస్తే తగాదా, చిటికెనవేళ్ళు కలిస్తే స్నేహం. ఈ జంట నాకు చాలా నచ్చింది. అందుకే రెండింటినీ కరపత్రంలో పక్కపక్కనే పెట్టాను, తరంగంలో గోపిక దగ్గర రెండూ వెంటవెంటనే వస్తాయి కూడా.

రెండో వారం

కపిత్థం ఒక్కదానికే ఈ వారమంతా పట్టింది.

కపిత్థం అంటే వెలగపండు, అందులో సందేహం లేదు. ఇంగ్లీషులో ఏమనాలన్నదే ప్రశ్న. ఎలిఫెంట్ యాపిల్ అన్న పేరు దీనికి ఉంది, కానీ అదే పేరుతో ఇంకో చెట్టు కాయను కూడా పిలుస్తారు. ఇక్కడివాళ్ళు ఫోన్లో వెతికితే ఏ బొమ్మ వస్తుందో చెప్పలేం. వుడ్ యాపిల్ అంటే ఎక్కువగా మన వెలగపండే వస్తుంది. సరే, వుడ్ యాపిల్ అని రాశాను.

శనివారం ప్రాక్టీసులో రామావతారం చేస్తుండగా నేను రాసిన వాక్యం చదివాను. కుడిచేతిలో కపిత్థం, ఎడమచేతిలో శిఖరం పైకెత్తి పడితే రామచంద్ర హస్తం. దాన్ని నేను మాటకు మాట ఇంగ్లీషు చేసి "కుడిచెయ్యి వుడ్ యాపిల్, ఎడమచెయ్యి పీక్, ఇది రాముడు" అని రాశాను. ఏ మాటా తప్పు కాదు. కానీ చూసేవాళ్ళు రాముడి చేతిలో పండు కోసం, వెనకాల కొండ కోసం వెతుకుతారు.

టీచర్ గారు చెప్పింది ఇది: "పేరు చెయ్యి ఆకారానికి పెట్టింది. అర్థం వినియోగంలో ఉంటుంది. రెండూ కలిపెయ్యకు." వినియోగం అంటే ఆ హస్తాన్ని వేటివేటికి వాడతారో ఆ జాబితా. శిఖర హస్తం వినియోగ శ్లోకంలో విల్లు ఉంది, స్తంభం ఉంది. బిగించిన పిడికిలిలో బొటనవేలు నిలబెడితే శిఖరం. దాన్ని ముందుకు చాపితే విల్లు పట్టుకున్న చెయ్యి. ఆ బొటనవేలి మీదికి చూపుడువేలిని వంచి నొక్కితే కపిత్థం. చెవి పక్కన పట్టుకుంటే అది నారిని లాగిన చెయ్యి. ఇదే కపిత్థం లక్ష్మికి వాడతారు, సరస్వతికి వాడతారు, తాళాలు పట్టుకోడానికి, ఆవు పాలు పితకడానికి, కాటుక పెట్టుకోడానికి, పమిట చెంగు పట్టుకోడానికి, ధూపదీపాలు చూపించడానికి వాడతారు. ఇన్నింటిలో పండు ఎక్కడా లేదు. చూపుడువేలు, బొటనవేలు కలిపి దేన్నో సున్నితంగా పట్టుకోవడమే వీటన్నిటిలో ఉంది.

అందుకని పేజీ పద్ధతి మార్చాను. ముందు హస్తం పేరు అనువాదం లేకుండా. తర్వాత చెయ్యి ఎలా ఉంటుందో నాలుగైదు మాటల్లో. చివర ఈ నాట్యంలో ఈ చోట అది ఏమిటో. రాముడి దగ్గర ఇప్పుడు ఇలా ఉంది: "కపిత్థ: చూపుడువేలు వంగి బొటనవేలిని తాకుతుంది. ఇక్కడ రాముడు వింటి నారిని లాగుతున్నాడు." వుడ్ యాపిల్ అన్న మాట పేజీ అడుగున ఒక్క వాక్యంలోకి వెళ్ళింది, పేర్లు చాలావరకు ఆకారాన్ని బట్టి వచ్చాయని చెప్పడానికి ఉదాహరణగా.

ఈ పద్ధతిలో ఒక్కో హస్తానికి 15 నుంచి 18 మాటలు పడుతున్నాయి. 51 హస్తాల జాబితా అసాధ్యం. తొమ్మిదికి తగ్గించాను, ఆ రోజు వేదిక మీద స్పష్టంగా కనిపించేవి మాత్రమే. జాబితా మొత్తం వెయ్యలేదని బృందంలో ఒకరు నొచ్చుకున్నారు. కానీ చీకటి హాల్లో 51 పేర్లు ఎవరూ చదవరని నా నమ్మకం.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. అభినయదర్పణాన్ని 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవారు మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, 1921లో చీరాల-పేరాల ఉద్యమం నడిపిన ఆంధ్రరత్న. ఆయన చదువుకున్నది ఈ ఎడింబరోలోనే. అదే ఊళ్ళో కూర్చుని అవే హస్తాల పేర్లతో నేను తంటాలు పడుతున్నానని తెలిసిన రోజు చాలా సేపు వేరే పని ఏదీ చెయ్యలేకపోయాను.

మూడో వారం

చిన్న పనులు. కటకాముఖంలో కటకం అంటే కంకణం, కర్కటంలో కర్కటం అంటే ఎండ్రకాయ. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ రెండూ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి, నా డ్రాఫ్టులో ఒకచోట తారుమారు అయ్యాయి కూడా. హంసాస్యంలో హాస్యం లేదు. ఆస్యం అంటే నోరు, ముఖం. అది హంస ముఖం.

చతురం దగ్గర అనువాదం మానేశాను. చతుర అంటే నేర్పరి అనీ అర్థం ఉంది, ఇంగ్లీషులో కొందరు స్క్వేర్ అనీ రాస్తారు. రెండింటిలో ఏది పెట్టినా ఆ చేతిని చూసేవాళ్ళకు పనికిరాదు. మా నాట్యంలో అది బంగారాన్ని చూపించే చోట వస్తుంది కాబట్టి "బంగారం" అని మాత్రమే రాశాను.

స్పెల్లింగులో గుర్తుల గొడవ వచ్చింది. దీర్ఘాలకు అక్షరం మీద గీత, ణ కింద చుక్క పెడితే ప్రింటుషాపు ఫాంటులో కొన్ని ఖాళీ డబ్బాలుగా వచ్చాయి. గుర్తులన్నీ తీసేశాను. కానీ కపిత్థలో రెండు టీలు, ఒక హెచ్ ఉంచాను. ఒక టీ పోతే చదివేవాళ్ళు "కపిత" అంటారు. తెలుగు చివర వచ్చే సున్నా కూడా వదిలేశాను. టీచర్ గారు పతాకం అంటారు, కరపత్రంలో పతాక. ఇంగ్లీషు పుస్తకాల్లో అలాగే దొరుకుతుంది కాబట్టి, ఆసక్తి ఉన్నవాళ్ళు తర్వాత వెతుక్కోగలరు.

నాలుగో వారం

మా పక్కింటావిడ నాట్యం ఎప్పుడూ చూడలేదు. శుక్రవారం డ్రాఫ్టు ఆమె చేతికిచ్చి, హాల్లో పదో వరుస ఎంత దూరం ఉంటుందో అంత దూరంలో కూర్చోబెట్టి తొమ్మిది హస్తాలూ చేసి చూపించాం. చెప్పాల్సింది ఒక్కటే, ఇప్పుడు చూసింది కరపత్రంలో ఏదని. ఆరు సరిగ్గా పట్టుకున్నారు. రాముణ్ణి, కృష్ణుణ్ణి వెంటనే గుర్తుపట్టారు. కీలకం, పాశం తారుమారు చేశారు. అంత దూరం నుంచి ఏ వేలు తగిలించామో కనబడలేదట. మూడోది కల్కి. కుడిచేత పతాకం, ఎడమచేత త్రిపతాకం. రెండింటికీ తేడా వంగిన ఉంగరపువేలు ఒక్కటే, అది దూరానికి కనిపించదు.

కల్కి దగ్గర వేళ్ళ వర్ణన తీసేసి, గుర్రపు నడక, దూసిన కత్తి చూడమని రాశాను. కీలకం, పాశం దగ్గర వేళ్ళ కంటే మొహం చూడమన్నాను, ఒకదానికి నవ్వు, ఒకదానికి ముడిపడిన కనుబొమలు. నిన్న మళ్ళీ కూర్చోబెడితే తొమ్మిదికి తొమ్మిదీ చెప్పారు. మాటలు 174 అయ్యాయి. సోమవారం 120 కాపీలకు ఫైలు పంపుతున్నాను, ఈలోగా టీచర్ గారు ఇంకొక్కసారి చదువుతానన్నారు.