ఆ మూడు చుక్కలు

నాన్నను బైపాస్ ఆపరేషన్ కోసం నెల్లూరు నుంచి చెన్నై తీసుకొచ్చాం. నేను ఉండేది పెరంబూరులోనే. ఆపరేషన్ అయిన రాత్రి, ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని రెండు గంటలప్పుడు వాట్సాప్ స్టేటస్‌లో ఇలా రాశాను: "కొన్ని రాత్రులు ఎంతకీ తెల్లవారవు..."

తెల్లవారేసరికి పద్నాలుగు మిస్డ్ కాల్స్. నెల్లూరులో పిన్ని ఏడుస్తూ పినాకిని రైలు ఎక్కడానికి చీర మార్చుకుంటోంది. నాన్న పోయారనుకుంది. ఆ వాక్యంలో అబద్ధం లేదు, కానీ సంగతి కూడా లేదు. ఖాళీ వదిలేస్తే చదివినవాళ్లు దాన్ని తమ భయంతో నింపుకుంటారు. కంగారుగా తీసేశాను. "తీసేశావేమిటి, ఏమైంది?" అని మళ్లీ ఫోన్లు.

ఈసారి అన్నీ చెప్పేద్దామని ఎన్ని రక్తనాళాలు మూసుకుపోయాయో, ఎన్ని గంటలు పట్టిందో టైప్ చేశాను. మా ఆయన చదివి, "మామయ్యగారి ఒంటి సంగతి మన ఇంటిదాకా చాలు. నీ కాంటాక్టుల్లో గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి కూడా ఉన్నాడు" అన్నారు. నిజమే. స్టేటస్ ప్రైవసీలో కొందరికే కనిపించేలా పెట్టుకోవచ్చు. కానీ నాకు కావలసింది ఆఫీసువాళ్లకూ తెలియడం.

"నాన్న కోలుకుంటున్నారు" అని మొదలుపెట్టాను. డాక్టరు ఇంకా ఆ మాట అనలేదు, వెంటిలేటర్ తీయలేదు. చెరిపేశాను. "ఈ పరీక్షా సమయంలో" అన్నదీ, చేతులు జోడించిన బొమ్మా కూడా పోయాయి. చివరికి మిగిలింది ఇది:

"నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది, ఐసీయూలో ఉన్నారు. శుక్రవారం దాకా ఫోన్ ఎత్తలేను. మెసేజ్ పెడితే రాత్రి చూస్తాను."

చుక్కలు లేవు. చదివినవాళ్లకు ఏం చేయాలో తెలుస్తుంది. ఆ రోజు వచ్చినవి నాలుగు ఫోన్లు. పిన్ని ప్రయాణం మానుకుంది.

ఒక్క జబ్బు మాత్రం మిగిలింది: ఎవరెవరు చూశారో చూసుకోవడం. చూసి పలకరించని ఇద్దరి మీద, కారణం తెలియకుండానే, కోపం తెచ్చుకున్నాను. ఆ జాబితా తెరిచిన ప్రతిసారీ నా వాక్యానికి ఇంకేదో తగిలించాలనిపించేది. స్టేటస్ ఇరవైనాలుగు గంటలకు మాయమవుతుంది. మర్నాడు అదే పెట్టి, "ఐసీయూలో ఉన్నారు" అన్నచోట "వెంటిలేటర్ తీశారు" అని మాత్రం మార్చాను. అంతకుమించి ఏమీ మారలేదు మరి.

నాలుగో రోజు వార్డులో నాన్న తన ఫోను అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని నా స్టేటస్ నిదానంగా చదివారు.

"అంతా బాగానే రాశావు. కానీ ఫోన్ ఎత్తలేనన్నావు, నిన్న మీ పిన్నితో అరగంట మాట్లాడావట కదమ్మా?"